పాత ఫాంట్ ఫొటో చూసి తెలుగు టైప్ చేస్తున్నారా? కంటికి కరెక్టే.. సెర్చ్‌లో మాత్రం దొరకదు!

ఇరవై, ముప్పై ఏళ్ల కిందట డీటీపీ సెంటర్‌లో కొట్టించిన భాగపంపిణీ దస్తావేజు ఒకటి ఇంట్లో ఉంది. ఫైల్ ఎప్పుడో పోయింది, మిగిలింది ఫోన్‌లో తీసిన ఫొటో మాత్రమే. అందులో ఉన్నది ఇప్పుడు అన్నదమ్ములందరికీ వాట్సాప్‌లో పంపాలి. పేరుతో, సర్వే నంబర్‌తో వెతికితే దొరకాలి కూడా. అంటే చూసి యూనికోడ్‌లో టైప్ చేయాల్సిందే.

ఫైల్ దొరికి ఉంటే కన్వర్టర్‌తో కొంత పని అయ్యేది. అను లాంటి పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ ఫైల్ పిచ్చి గీతల్లా కనిపించేది అందుకే. ఫొటోలో మాత్రం ఆ కోడ్ కూడా ఉండదు, ఉండేది అక్షరాల బొమ్మే.

అసలు చిక్కు ఇక్కడే. పాత ఫాంట్‌లో కంటికి కనిపించే ముక్కలను వరసగా పేర్చేవాళ్లు. యూనికోడ్‌లో నోటితో పలికే వరసలో కొట్టాలి.

ఆ దస్తావేజులో 'కృష్ణమూర్తికి మెట్ట భూమిలో అర్ధభాగం' అనే లైన్ ఉందనుకుందాం. 'ర్తి' దగ్గర కంటికి ముందు కనిపించేది 'రి', దాని కింద త వత్తు. డీటీపీ ఆపరేటర్ ఆ రెండు ముక్కలనే పక్కపక్కన పెట్టాడు. మీరూ అలాగే ర, గుడి, పొల్లు, త అని కొడితే అక్షరం విడిపోతుంది. కొన్ని ఫోన్లలో మధ్యలో చుక్కల వలయం కూడా వస్తుంది. పలికే వరస ఇదీ:

```
ర + ్ + త + ి = ర్తి
ష + ్ + ణ = ష్ణ
క + ృ = కృ
```

విడిపోయిన అక్షరం కనిపిస్తుంది కాబట్టి పట్టుకోవచ్చు. కనిపించని తప్పుతోనే డేంజర్. 'మెట్ట'నే తీసుకోండి. పాత ఫాంట్‌లో 'మె' అంటే 'వె' పక్కన ఒక కొమ్ము. ఆ బొమ్మ చూసి వ, ఎత్వం, కొమ్ము కొడితే స్క్రీన్ మీద వచ్చే 'వెు' అచ్చం 'మె'లాగే ఉంటుంది. చదివేవాళ్లకు తేడా తెలియదు. కానీ 'మెట్ట' అని సెర్చ్ చేస్తే ఆ లైన్ రాదు. సున్నా కూడా అంతే. 'భాగం' చివర అనుస్వారం బదులు తెలుగు అంకె ౦ పడిందంటే ఆ పదం సెర్చ్‌కు దొరకదు.

ఇక 'అర్ధభాగం'. ధ, థ మధ్య తేడా లోపలి చుక్కే. మసక ఫొటోలో అది ఉందో లేదో తెలియదు. అర్ధం అంటే సగం, అర్థం అంటే భావం. వాటా గురించి చెప్పే చోట కావాల్సింది 'ధ'. పేర్ల దగ్గర మాత్రం ఈ ఊహ పనికిరాదు. కీబోర్డ్ 'క్రిష్ణ' అని సజెస్ట్ చేసినా కాగితంలో 'కృష్ణ' ఉంటే అదే కొట్టాలి. చుక్క కనిపించకపోతే ఒరిజినల్ తీసి చూడటం ఒక్కటే దారి.

డీటీపీ కంటే ముందు, అచ్చు ప్రెస్ కాలం కాగితమైతే ఇంకో గమ్మత్తు. 'సర్వే' అనే మాట 'సవే౯' అన్నట్టు కనిపిస్తుంది. చివర ఉన్నది తొమ్మిది అంకె కాదు, వలపలగిలక. రాతలో అక్షరం తర్వాత వస్తుంది, పలకడంలో ముందు వచ్చే 'ర్' అది. కాబట్టి స, ర, పొల్లు, వ, ఏత్వం అని కొట్టాలి. సర్వే నంబర్ల పక్కనే ఇలాంటి 'తొమ్మిది' కనిపిస్తే ఒకటికి రెండుసార్లు చూడండి.

ఊరి పేర్లలో 'షేక్‌పేట' లాంటివి వస్తే నేరుగా కొట్టగానే 'షేక్పేట' అయిపోతుంది. క్ తర్వాత కంటికి కనిపించని ఒక క్యారెక్టర్ పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్ నంబర్ U+200C. మీ కీబోర్డ్‌లో ఆ కీ లేకపోతే సరిగ్గా ఉన్న పదాన్ని ఎక్కడి నుంచైనా కాపీ చేసుకోవడం తేలిక.

అంతా అయ్యాక చదివి వదిలేయొద్దు. మెట్ట, భాగం, పేర్లు.. ఇలాంటి ముఖ్యమైన పదాలను కొత్తగా కొట్టి, ఆ టెక్స్ట్‌లోనే సెర్చ్ చేయండి. కంటికి కనిపిస్తున్నా సెర్చ్‌కు దొరకని పదం ఉంటే, ఆ ఒక్క పదం చెరిపి మళ్లీ కొట్టండి. సర్వే నంబర్లు, హద్దులు మాత్రం సెర్చ్‌తో తేలవు. ఒకరు ఫొటో చూసి పైకి చదువుతుంటే, ఇంకొకరు టైప్ చేసినదాంట్లో వేలు పెట్టి చూసుకోవాలి.