చెక్కు అడుగున ఉన్న అంకెలు

బ్యాంకులో నా మొదటి పదేళ్లూ క్లియరింగ్ విభాగంలోనే గడిచాయి. అందుకే మా మేనల్లుడు కిందటేడు ఆగస్టులో చెక్కు బుక్కు తెచ్చి నా ముందు పెట్టి, "మావయ్యా, అకౌంట్ నంబరు టైపు చేసి ఇచ్చాక కూడా హెచ్‌ఆర్ వాళ్లు క్యాన్సిల్డ్ చెక్కు అడుగుతున్నారు. డబ్బే రాని చెక్కు వాళ్లకెందుకు?" అంటే ముందు ఆ కాగితం అడుగుభాగం చూడమన్నాను.

అక్కడ తెల్లటి పట్టీ మీద వింత ఆకారాల్లో నల్లటి అంకెలు ఉంటాయి. కొన్ని గీతలు సన్నంగా, కొన్ని మొద్దుగా ఉంటాయి. చూడటానికి అచ్చు సరిగ్గా పడనట్టు అనిపిస్తుంది గానీ ఆ మొద్దుతనమంతా లెక్క ప్రకారం పెట్టిందే. వాడి ప్రశ్నకు జవాబు ఆ అంకెలు పుట్టిన దగ్గర మొదలవుతుంది.

1950లో అమెరికాలోని బ్యాంక్ ఆఫ్ అమెరికా చెక్కుల వరదలో మునిగిపోతోంది. ఒక్కో చెక్కునూ గుమస్తాలు చేత్తో విడదీసి, ఖాతాదారు పేరు వెతికి, లెజరులో రాయాలి. ఈ పని యంత్రంతో చేయించగలరా అని ఆ బ్యాంకు స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ను అడిగింది. అక్కడి ఇంజనీర్లకు మొదట ఎదురైన అడ్డంకి యంత్రం కాదు, పేర్లు. అప్పటిదాకా ఖాతాలు పేర్ల అక్షర క్రమంలో ఉండేవి. కొత్త ఖాతాదారు వస్తే వరుస మధ్యలో దూరేవాడు, ఒకే పేరున్న ఇద్దరుంటే తికమకే. కాబట్టి ఖాతాకు పేరు బదులు నంబరు ఇవ్వాలన్నారు. ఈ రోజు మనం జీతం కోసం రాసిచ్చే ఖాతా నంబరు ఆ యంత్రం సౌకర్యం కోసం పుట్టిందే.

ఇక ఆ నంబరును యంత్రం చదవాలి. మామూలు సిరాతో అచ్చేస్తే సరిపోదు, ఎందుకంటే చెక్కు మీద రబ్బరు స్టాంపులు పడతాయి, సంతకాలు పడతాయి, జేబులో నలుగుతుంది. చారల సంకేతాలు ప్రయత్నించి చూశారు. అవి చెడిపోతే మనిషి కూడా చదవలేడని తేలింది. చివరికి కెనెత్ ఎల్‌డ్రెడ్జ్ బృందం ఇనుప ఆక్సైడు కలిసిన సిరాతో, మనిషికీ యంత్రానికీ కనిపించే అంకెలు ముద్రించే దారి పట్టింది. చెక్కు యంత్రంలోకి వెళ్లగానే ఒక అయస్కాంతం ఆ సిరాను అయస్కాంతీకరిస్తుంది. ఆ వెంటనే రీడింగ్ హెడ్ ముందు నుంచి అంకె జారిపోతుంది. మొద్దు గీత దగ్గర సిరా ఎక్కువ, సన్న గీత దగ్గర తక్కువ కాబట్టి హెడ్‌లో పుట్టే విద్యుత్ సంకేతం ఎగుడుదిగుడుగా ఉంటుంది. 2కి ఒక అల, 7కి ఇంకో అల. స్టాంపు సిరాలో ఇనుము ఉండదు కాబట్టి అది ఎంత నల్లగా పడినా ఆ హెడ్‌కు అక్కడ ఏమీ లేనట్టే.

ఈ పద్ధతికి ఎమ్‌ఐసీఆర్ అని పేరు, అక్షర రూపానికి ఈ-13బీ అని పేరు. 13 అంటే అంగుళంలో వెయ్యింట పదమూడు వంతులు. అంకెల గీతలన్నీ ఆ కొలత గళ్ల మీదే కూర్చుంటాయి. పది అంకెలూ నాలుగు గుర్తులూ, మొత్తం పద్నాలుగే అక్షరాలు. నమూనా యంత్రాన్ని 1955లో లోకానికి చూపించారు. దాని పేరు ఎర్మా.

మన దేశంలో రిజర్వు బ్యాంకు 1980ల రెండో సగంలో పెద్ద నగరాల క్లియరింగ్‌లో దీన్ని తెచ్చింది. నేను ఉద్యోగంలో చేరేసరికి ఎన్‌కోడర్ ముందు కూర్చోబెట్టారు. చెక్కు మీద చేత్తో రాసిన మొత్తాన్ని చూసి కీ నొక్కితే, పట్టీ కుడి చివర ఖాళీలో అదే అయస్కాంత సిరాతో ఆ మొత్తం అచ్చు పడేది. పట్టీ మీద ఎవరైనా స్టేపుల్ కొట్టినా, సరిగ్గా అక్కడే మడత పెట్టినా సార్టర్ ఆ చెక్కును రిజెక్ట్ అరలోకి తోసేసేది. సాయంత్రానికి ఆ అర నిండితే మేము చేత్తో విడదీస్తూ కూర్చునేవాళ్లం. "ఆ పట్టీ మీద గీత పెట్టకండమ్మా" అని కౌంటర్లో అందరికీ చెప్పే అలవాటు నాకు అప్పుడే పడింది.

మేనల్లుడి చెక్కు మీద ఆ పట్టీని ఎడమ నుంచి కుడికి చదివించాను. మొదటి ఆరు అంకెలు చెక్కు నంబరు. తర్వాత తొమ్మిది అంకెల ఎమ్‌ఐసీఆర్ కోడు. అందులో మొదటి మూడూ ఊరు, హైదరాబాదుకు 500. తర్వాతి మూడూ బ్యాంకు, చివరి మూడూ బ్రాంచి. ఆ పక్కన ఖాతాకు సంబంధించిన ఆరు అంకెలు, చివర చెక్కు ఏ రకందో చెప్పే రెండంకెలు. వాడు లెక్కపెట్టుకుని ఆగిపోయాడు. "నా అకౌంట్ నంబరు పదకొండు అంకెలు కదా మావయ్యా, ఇక్కడ ఆరే ఉన్నాయేంటి?"

కిటుకంతా అక్కడే ఉంది. యంత్రం చదివే పట్టీలో పూర్తి ఖాతా నంబరు లేదు. జీతం వేయడానికి కావలసిన పూర్తి ఖాతా నంబరు, పేరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు ఆ పట్టీకి పైన మామూలు సిరాతో ఉంటాయి. వాటిని కంపెనీలో ఒక మనిషి కంటితో చూసి, సిస్టంలో ఉన్నదానితో పోల్చాలి. యంత్రం కోసం పుట్టిన కాగితాన్ని జీతాల విభాగంలో మళ్లీ మనిషే చదువుతున్నాడు. అయినా దాన్నే అడగడానికి గట్టి కారణం ఉంది. ఉద్యోగి టైపు చేసిన అంకె పొరబాటు కావచ్చు, చెక్కు మీది అంకెలు బ్యాంకు రికార్డు నుంచి నేరుగా అచ్చయినవి.

ఆ పోలిక ఎంత ముఖ్యమో ఒక నిబంధన చూస్తే తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ చెల్లింపుల్లో జమ చేసే బ్యాంకు ఖాతా నంబరు ఒక్కటే చూసి డబ్బు వేయవచ్చని, నంబరు సరిగ్గా ఇచ్చే బాధ్యత పంపేవాళ్లదని 2010లోనే రిజర్వు బ్యాంకు తేల్చింది. అంటే ఒక అంకె తప్పుపడి, ఆ నంబరుతో నిజంగా ఇంకొకరి ఖాతా ఉంటే, జీతం అక్కడికి చేరిపోవచ్చు. ఆ నంబరు అసలు లేకపోతే మాత్రం డబ్బు తిరిగొస్తుంది. తిరిగొచ్చిన జీతం కనీసం కంటికి కనిపిస్తుంది. వేరొకరి ఖాతాలో కూర్చున్న జీతాన్ని వెనక్కి రప్పించాలంటే ఆ ఖాతాదారు ఒప్పుకోవాలి.

ఐఎఫ్‌ఎస్‌సీలో పదకొండు అక్షరాలుంటాయి. మొదటి నాలుగూ బ్యాంకు, ఐదోది ఎప్పుడూ సున్నా, చివరి ఆరూ బ్రాంచి. మా వాడు కంపెనీ ఫారంలో ఆ సున్నాను ఆంగ్ల ఓ అక్షరంగా కొట్టాడు. `ABCD0123456` అని ఉండాల్సిన చోట `ABCDO123456` అన్నమాట. సిస్టం వెంటనే తిప్పికొట్టింది. వాడి అదృష్టం కొద్దీ తప్పు ఐదో స్థానంలో పడింది. చివరి ఆరింట్లో పడి ఉంటే అది ఇంకో బ్రాంచి కోడై మౌనంగా దాటిపోయేదేమో. బ్యాంకులు కలిసిపోయినప్పుడు కూడా ఇలాంటి చిక్కే వస్తుంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ANDBతో మొదలయ్యే కోడులు పోయి UBINతో మొదలయ్యేవి వచ్చాయి. బీరువాలో దాచిన పాత చెక్కును క్యాన్సిల్ చేసి ఇస్తే దాని మీది కోడు చెల్లదు.

వాడి మొదటి చెక్కును హెచ్‌ఆర్ తిప్పి పంపింది ఇంకో కారణంతో. ఖాతా తెరిచిన రోజు కిట్‌లో ఇచ్చిన చెక్కు అది, దాని మీద వాడి పేరు అచ్చు లేదు. పేరు లేని చెక్కు ఆ ఖాతా వాడిదేనని చెప్పలేదు. పేరున్న చెక్కు బుక్కు వచ్చేదాకా ఆగడమో, పాస్‌బుక్ మొదటి పేజీ నకలో స్టేట్‌మెంటో ఒప్పుకుంటారేమో అడగడమో చేయాలి. వాడు ఆగాడు. కొత్త చెక్కు వచ్చాక నా ఎదుటే రద్దు చేశాడు. మూలగా రెండు సమాంతర గీతలు గీసి, మధ్యలో పెద్ద అక్షరాలతో 'క్యాన్సిల్డ్' అని రాశాడు. గీతలు పేరునూ, ఖాతా నంబరునూ, ఐఎఫ్‌ఎస్‌సీనీ, కింది పట్టీనీ తాకలేదు. సంతకం పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాను. ఖాతా ఎవరిదో చెప్పడానికి సంతకం అక్కర్లేదు, నమూనా సంతకాన్ని ఊరికే బయటికి పంపడం ఎందుకు?

ఇక హెచ్‌ఆర్‌కు రాయాల్సిన ఉత్తరం. అంతకుముందు ఆగస్టు 23న వాడు "నా జీతం ఖాతా మార్చగలరు" అని ఒక్క వాక్యం పంపాడు. వాళ్ల కంపెనీలో మార్పులకు గడువు 20వ తేదీ. ఆ రోజుతో జీతాల జాబితా ముగుస్తుంది, నెలాఖరున ఆ జాబితా ఫైలుగా బ్యాంకుకు వెళుతుంది. ఆగస్టు జీతం పాత ఖాతాలోనే పడింది. గడువు దాటాక పంపితే ఇలాగే అవుతుంది. 'ఏ నెల నుంచి' అన్నది కూడా వాడు రాయలేదు. పైగా నెల పేరు ఒక్కటే చాలదు. కొన్నిచోట్ల సెప్టెంబరు జీతం ఆ నెల 30నే పడుతుంది, కొన్నిచోట్ల అక్టోబరు మొదటి వారంలో పడుతుంది. నెలా, జమ తేదీ రెండూ రాయాలి. సెప్టెంబరు 15న వాడు పంపిన ఉత్తరం ఇది:

"అయ్యా, ప్రస్తుతం నా జీతం 4471తో ముగిసే ఖాతాలో జమ అవుతోంది. సెప్టెంబరు నెల జీతం నుంచి, అంటే సెప్టెంబరు 30న జమ కావలసిన మొత్తం నుంచి, జత చేసిన రద్దు చెక్కులో ఉన్న ఖాతాకు పంపవలసిందిగా కోరుతున్నాను. కొత్త ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, ఖాతాలో నా పేరు కింద ఇస్తున్నాను. ఈ నెల గడువులోగా మార్పు కుదరకపోతే పాత ఖాతాకే పంపి నాకు తెలియజేయగలరు. మార్పు నమోదైన తర్వాత ఖాతా చివరి నాలుగంకెలతో ధ్రువీకరణ పంపగలరు. మొదటి జమ అందగానే నేను తెలియజేస్తాను."

కుదరకపోతే పాత ఖాతాకే పంపమన్న వాక్యం నేను చెప్పి రాయించాను. అది లేకపోతే, సందేహం వచ్చినప్పుడు వాళ్లు జీతాన్ని నిలిపి ఉంచే అవకాశం ఉంది.

17న వాడి కొత్త ఖాతాలో ఒక్క రూపాయి పడింది. ఖాతా నిజంగా ఉందో లేదో, ఎవరి పేరు మీద ఉందో చూడటానికి కంపెనీలు వేసే రూపాయి అది. బ్యాంకు నుంచి ఖాతాదారు పేరు తిరిగొస్తే కంపెనీ రికార్డులో పేరుతో పోల్చుతారు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే అక్కడ ఆగిపోతుంది. మన తెలుగువాళ్ల పేర్లతో ఇది తరచూ జరిగేదే. అలా ఆగితే ఆధార్ లేదా పాన్‌లో ఉన్న పేరు చూపించి కుదుర్చుకోవాలి.

రూపాయి చేరిందంటే ఖాతా దొరికిందని అర్థం, జీతం మారిందని కాదు. ఖాతా సరిచూడటం ఒక పని, ఆ నెల జాబితాలో పాత నంబరు తీసి కొత్తది పెట్టడం ఇంకో పని. అందుకే పాత ఖాతాను ఖాళీ చేయొద్దన్నాను. వాడి బండి లోను వాయిదా ప్రతి నెలా 5న అందులోంచే పోతోంది. జీతం దారి మారినంత మాత్రాన వాయిదా దారి మారదు. దానికి వేరే మ్యాండేట్ ఇవ్వాలి, అది నమోదయ్యేదాకా పాత ఖాతాలో డబ్బు ఉండాలి. భవిష్య నిధి రికార్డులో ఉన్న బ్యాంకు ఖాతా కూడా ఈ ఉత్తరంతో మారదు, దాన్ని ఈపీఎఫ్‌ఓ పోర్టల్లో విడిగా మార్చుకోవాలి.

సెప్టెంబరు 30 సాయంత్రం వాడు ఫోను చేశాడు. "పడింది మావయ్యా!" మెసేజ్ కాదు, స్టేట్‌మెంట్ తెరవమన్నాను. జమ చేసిన కంపెనీ పేరు, తేదీ, రిఫరెన్స్ నంబరు చదివించాను. మొత్తాన్ని పేస్లిప్‌లోని నికర జీతంతో పోల్చమన్నాను. రూపాయి తేడా లేకుండా సరిపోయింది. "మరి ఆగస్టు టూర్ బిల్లు?" అని అడిగాను. అది ఇంకా రాలేదన్నాడు. అక్టోబరు 4న వచ్చింది, పాత ఖాతాలోకి. ప్రయాణ ఖర్చులు చూసేది అకౌంట్స్ విభాగమట, వాళ్ల జాబితా వేరట. జీతం జమైన వివరాలు హెచ్‌ఆర్‌కు రాస్తూ, అదే మెయిల్లో అకౌంట్స్ వాళ్లకూ ఆ రద్దు చెక్కు నకలు జతచేశాడు.