మేనేజర్ గారికి అర్థమయ్యేలా వారం వీడియో రిపోర్టు

ఇవాళ ఒకటే పని: వారానికోసారి మేనేజర్ గారికి వాట్సాప్‌లో పంపే వీడియో రిపోర్టు.

మన బాపులపాడు వైపే అనుకుందాం. మామిడి పెట్టెలు పార్సిల్ పంపే ఒక యార్డు, వాళ్ళ యూట్యూబ్ ఛానల్ మీ చేతిలో ఉంది. ఈ వారం బంగినపల్లి కాయ ఇంట్లో ఎలా మగ్గబెట్టుకోవాలో ఆరు నిమిషాల వీడియో పెట్టారు, కాయ కోసే షార్ట్ ఒకటి పెట్టారు. షార్ట్‌కి 12,000 వ్యూస్, పెద్ద వీడియోకి 900. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి పంపారో, "ఇంక పెద్ద వీడియోలు మానెయ్ బాబూ" అంటారాయన. తప్పు ఆయనది కాదు, మనదే.

ఎందుకంటే 2025 మార్చి 31 నుంచి షార్ట్ ప్లే అవ్వడం మొదలైతే చాలు, వేలితో పైకి తోసేసినా వ్యూ పడిపోతుంది. అందుకే షార్ట్‌కి స్టూడియోలో Engaged views అని ఉండే అంకె తీసుకోండి. రిపోర్టులో "ఆగి చూసింది ఇన్నిసార్లు" అని రాయండి చాలు. షార్ట్‌ని, పెద్ద వీడియోని ఒకే లైన్లో కలపొద్దు.

ఇక పెద్ద వీడియో. హనుమాన్ జంక్షన్‌లో రోడ్డు పక్కన మామిడికాయల బండి ఊహించుకోండి. బండి ఎన్నిసార్లు కంట్లో పడిందో అది Impressions. అందులో నూటికి ఎన్నిసార్లు ఆగారో అది Click-through rate. ఆగినవాళ్ళు ఎంతసేపు నిలబడ్డారో అది Average view duration. ఈ పేర్లు మీకే, ఆయనకి కాదు. ఆయనకి ఇలా పంపండి:

"సార్, మన వీడియో బొమ్మ యూట్యూబ్‌లో 10,000 సార్లు కనపడింది. 400 సార్లు నొక్కి లోపలికొచ్చారు. వాట్సాప్ లింకు లాంటి వేరే దారుల్లో ఇంకో 500 వచ్చాయి. ఆరు నిమిషాల్లో సగటున రెండున్నర నిమిషాలు చూశారు. చూసి ఫోన్ చేసినవాళ్ళు 11 మంది."

ఆ 500 లైను వదిలేయకండి. బయటి లింకుల నుంచి వచ్చినవి Impressions లెక్కలోకి రావు. అది చెప్పకపోతే "నాలుగు వందలంటావ్, తొమ్మిది వందలంటావ్, ఏది నిజం?" అని అడుగుతారు. నిజమే కదా, ఎవరైనా అడుగుతారు.

ఆఖరి లైను స్టూడియోలో దొరకదు. ఫోన్ ఎత్తేవాళ్ళు "ఎక్కడ చూశారండీ?" అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. పెద్ద వీడియోలు ఉంచాలా, తీసేయాలా అన్నది తేల్చేది ఆ 11 మందే.

ఇంకోటి. సోమవారం పొద్దున్నే పంపకండి, బుధవారం పంపండి. స్టూడియో లెక్క ఒకట్రెండు రోజులు ఆలస్యంగా నిండుతుంది. పైగా దాని రోజు అమెరికా పసిఫిక్ టైం ప్రకారం మారుతుంది, మామిడి సీజన్లో అయితే మనకి మధ్యాహ్నం 12:30కి. తొందరపడి పంపితే ఆదివారం ఎప్పుడూ డల్‌గానే కనిపిస్తుంది.