బ్యాంకుకు కనిపించేది 6051

భానూర్ నుంచి ఒక పాఠకుడు రాశారు. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఒక విదేశీ క్రిప్టో ఎక్స్‌ఛేంజిలో 5,000 రూపాయల బిట్‌కాయిన్ కొందామని డెబిట్ కార్డు వివరాలిస్తే, ఖాతాలో డబ్బుండగానే బ్యాంకు కాదంది. అంతకుముందు అదే కార్డుతో ఒక విదేశీ సాఫ్ట్‌వేర్‌కు చందా కట్టారు, ఇబ్బంది రాలేదు. ‘నేను కొంటున్నది బిట్‌కాయిన్ అని బ్యాంకుకు ఎలా తెలిసింది?’ అన్నది ఆయన ప్రశ్న.

చట్టం సంగతి ముందు చెప్పేస్తాను. క్రిప్టో లావాదేవీలకు సేవలందించవద్దని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న బ్యాంకులను ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ పాత సర్క్యులర్‌ను కారణంగా చూపవద్దని 2021 మే 31న రిజర్వు బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. కాబట్టి ఇప్పుడు కార్డును ఆపేది నిషేధం కాదు, ఆ బ్యాంకు సొంతంగా పెట్టుకున్న నియమం.

ఇక అసలు విషయం. కార్డు వివరాలు ఇవ్వగానే ఎక్స్‌ఛేంజి తరఫు బ్యాంకు నుంచి వీసా లేదా మాస్టర్‌కార్డ్ ద్వారా మీ బ్యాంకుకు ఒక సందేశం వెళుతుంది. దాని అమరికకు ఐఎస్‌ఓ 8583 అని పేరు. అందులో ప్రతి వివరానికీ ఒక గడి ఉంటుంది: 2వ గడిలో కార్డు నంబరు, 4వ దానిలో మొత్తం. బిట్‌కాయిన్ అన్న మాటకు మాత్రం ఎక్కడా గడి లేదు. గుట్టంతా 18వ గడిలో ఉంది. అమ్మేవాడు ఏ రకం వ్యాపారో చెప్పే నాలుగంకెలు అక్కడుంటాయి. కిరాణాకు 5411, హోటల్ భోజనానికి 5812, క్రిప్టోకు 6051. ట్రావెలర్స్ చెక్కులు, విదేశీ నోట్ల మార్పిడి కూడా 6051 కిందికే వస్తాయి. అంటే క్రిప్టోను కార్డు కంపెనీలు సరుకుగా కాదు, నగదుకు దగ్గరి వస్తువుగా చూస్తున్నాయి.

బ్యాంకుకు ఆ అంకె అంటే భయం ఎందుకంటే, కార్డు చెల్లింపును వినియోగదారుడు వారాల తర్వాత కూడా ‘ఇది నేను చేయలేదు’ అని సవాలు చేయవచ్చు. వెళ్లిపోయిన నాణెం మాత్రం వెనక్కి రాదు. దొంగిలించిన కార్డుతో కొన్న బిట్‌కాయిన్‌కు ఆ నష్టం ఎవరో ఒకరు మోయాలి. అందుకే 18వ గడిలో 6051 కనబడితే ఆపెయ్యమని చాలా బ్యాంకులు తమ యంత్రానికి ముందే చెప్పి ఉంచాయి. జవాబు 39వ గడిలో తిరిగి వస్తుంది. 51 అయితే డబ్బు చాలలేదని, 57 అయితే ఈ కార్డుకు ఈ రకం లావాదేవీకి అనుమతి లేదని, 05 అయితే కారణం చెప్పకుండా కాదన్నట్టు. మనకొచ్చే మెసేజిలో ఈ అంకె ఉండదు. ఆ రెండంకెలు రాస్తే సగం గందరగోళం తీరిపోయేది!

ఈ నాలుగంకెల బలం 2018 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. అప్పుడే క్రిప్టో కొనుగోళ్ల కోడ్ మారింది. పాత చెల్లింపులను వెనక్కి తిప్పి, కొత్త కోడ్‌తో మళ్లీ వసూలు చేసే క్రమంలో కాయిన్‌బేస్ ఎక్స్‌ఛేంజి కస్టమర్ల ఖాతాల్లోంచి ఒకే కొనుగోలుకు రెండుసార్లు డబ్బు పోయింది. అందరూ కాయిన్‌బేస్‌ను తిట్టారు. ఆ తర్వాత వీసా, చెల్లింపులు నడిపే సంస్థ వరల్డ్‌పే కలిసి, తప్పు కాయిన్‌బేస్‌ది కాదని ప్రకటించాయి.

భానూర్ పాఠకుడి విషయంలో సాఫ్ట్‌వేర్ చందా వెళ్లింది కాబట్టి కార్డుకు విదేశీ, ఆన్‌లైన్ వాడకం తెరిచే ఉంది. ఇక మిగిలిన బలమైన అనుమానం 6051 మీదే. ఆ చందా కూడా వెళ్లకపోయుంటే ముందు బ్యాంకు యాప్‌లో ఆ స్విచ్‌లు చూసుకోమనేవాణ్ణి. పదేపదే ప్రయత్నిస్తే మాత్రం మోసమనుకుని కార్డునే ఆపేస్తారు.

వేరే దారి అంటే, ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదైన భారతీయ ఎక్స్‌ఛేంజికి సొంత పేరున్న ఖాతా నుంచి నెఫ్ట్‌లో పంపడం. నెఫ్ట్ సందేశంలో వ్యాపార రకం చెప్పే గడే లేదు. అయినా గ్రహీత పేరు చూసి బ్యాంకు ఆపవచ్చు, అందుకే మొదట చిన్న మొత్తం పంపి చూడాలి. యూపీఐని నమ్ముకోలేం. 2022 ఏప్రిల్ 7న కాయిన్‌బేస్ మన దేశంలో యూపీఐతో మొదలైతే, క్రిప్టో ఎక్స్‌ఛేంజిలేవీ యూపీఐ వాడుతున్నట్టు తమకు తెలియదని ఎన్‌పీసీఐ అదే రోజు చెప్పింది. కొద్ది రోజుల్లోనే ఆ దారి మూతపడింది. లాభం మీద 30 శాతం పన్ను, అమ్మేటప్పుడు 1 శాతం టీడీఎస్ ఎలాగూ ఉన్నాయి.

ముక్కూముఖం తెలియనివాళ్లతో నేరుగా జరిపే పీటూపీ బేరం మాత్రం నేను వద్దంటాను. రేపు మీరు నాణేలు అమ్మినప్పుడు కొన్నవాడు పంపేది సైబర్ మోసంలో దోచిన డబ్బయితే, బాధితుడి ఫిర్యాదు ఆ డబ్బు వెంటే మీ ఖాతాదాకా వస్తుంది. జీతం పడే ఖాతానే స్తంభించిపోతుంది. దాన్ని విడిపించుకోవాలంటే ఫిర్యాదు ఏ రాష్ట్రంలో నమోదైందో కనుక్కుని అక్కడి పోలీసులతో మాట్లాడుకోవాలి.