మోసం కేసులో పోలీసు నోటీసు వస్తే జవాబు ఎలా రాయాలి?

గుంటూరు మిర్చి వ్యాపారి ఒకరు హైదరాబాద్ కొనుగోలుదారుతో 300 క్వింటాళ్ల సరుకుకు క్వింటాలు 20,000 రూపాయల చొప్పున బేరం కుదుర్చుకున్నారనుకుందాం. మొత్తం 60 లక్షల బేరం, అందులో 30 లక్షలు అడ్వాన్సు. రెండు లారీల్లో 90 క్వింటాళ్లు, అంటే 18 లక్షల సరుకు వెళ్లింది. ఇంతలో ధర 24,000 దాటింది. ఇస్తామన్న రైతులు వెనక్కి తగ్గారు. వ్యాపారి 4 లక్షలు బ్యాంకు ద్వారా తిరిగి పంపారు. మిగిలిన 8 లక్షల దగ్గర మాట పెరిగింది. కొన్నాళ్లకు పోలీస్ స్టేషన్ నుంచి నోటీసు వచ్చింది.

ముందు చూడాల్సింది నోటీసులో రాసిన సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 35(3) కింద వచ్చిందంటే మిమ్మల్ని నిందితుడిగా, లేదా అనుమానితుడిగా పిలుస్తున్నట్టు. పాత చట్టంలో 41ఏ నోటీసు అన్నది ఇదే. 179 సాక్షిని పిలిచేది, 94 కాగితాలు తెమ్మని అడిగేది. ఏదైనా క్రైమ్ నంబరు రాసుకుని, ఎఫ్‌ఐఆర్ కాపీ తెప్పించుకున్నాకే కలం పట్టాలి. ఫిర్యాదులో ఏముందో తెలియకుండా రాసే జవాబు గాలిలో బాణమే.

35(3) నోటీసు చూసి చాలామంది ఇల్లు వదిలి వెళ్లిపోతారు. నిజానికి చెప్పిన తేదీకి హాజరవుతూ షరతులు పాటిస్తున్నంత కాలం అరెస్టు చేయకూడదని చట్టమే చెబుతోంది. తప్పనిసరి అనుకుంటే పోలీసులు కారణాలు రాసి పెట్టాలి. హాజరు కాకపోవడమే అరెస్టుకు దారి తీస్తుంది. వాట్సాప్‌లో పంపితే నోటీసు ఇచ్చినట్టు కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా దాన్ని సాకుగా పెట్టుకుని ఊరుకోవద్దు. ఆ తేదీకి రాలేకపోతే కారణం, కొత్త తేదీ రాసి స్టేషన్‌లో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. కుదరకపోతే స్పీడ్ పోస్టులో పంపండి.

ఇక జవాబుకు ప్రాణమైన విషయం. మాట తప్పినంత మాత్రాన మోసం కాదు. డబ్బు తీసుకున్న రోజునే ఇవ్వకూడదనే దురుద్దేశం ఉండాలి. 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల వరకు శిక్ష పడగల నేరమిది. దానికి జవాబు కోపంతో కాదు, తేదీలతో రాయాలి. అడ్వాన్సు వచ్చిన మర్నాడే కమీషన్ వ్యాపారులకు ఎంత చెల్లించారో బ్యాంకు స్టేట్‌మెంట్ చూపిస్తుంది. తూకం చీటీలు, ఈ-వే బిల్లులు రెండు లారీలు వెళ్లాయని చెబుతాయి. ధర పెరిగిన వారంలోనే కొనుగోలుదారుకు పెట్టిన మెసేజ్, తర్వాత పంపిన 4 లక్షలు వ్యాపారి మొహం చాటేయలేదని చూపుతాయి. ఈ వరుస రెండు పేజీల్లో పెట్టి, కాగితాలకు నంబర్లు వేసి జతచేస్తే చాలు. ఒరిజినల్స్ ఇవ్వాల్సి వస్తే వాటికి రశీదు అడగాలి.

‘ఇది సివిల్ వ్యవహారం, మీకు సంబంధం లేదు’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకండి. ఒకే లావాదేవీలో సివిల్ తగాదా, నేరం రెండూ ఉండొచ్చు. ‘మిగతా 8 లక్షలు వచ్చే నెల ఇచ్చేస్తాను’ అనీ తొందరపడి రాయకండి. లెక్క తేలకముందే బాకీ ఒప్పుకున్నట్టవుతుంది, గడువు దాటితే ఇంకో ఆరోపణ పుడుతుంది. చాట్‌లు చెరిపేయడం, పాత తేదీతో కాగితం పుట్టించడం మాత్రం లేని నేరాన్ని తెచ్చిపెట్టుకోవడమే.

ఒక సందర్భంలో ఈ జవాబు పనిచేయదు. అడ్వాన్సు తీసుకునేటప్పుడు కోల్డ్ స్టోరేజీలో సరుకుందని చెప్పి, అక్కడ ఒక్క బస్తా కూడా లేకపోతే ఆ మొదటి అబద్ధమే మోసానికి ఆధారం. అప్పుడు జవాబు రాసేముందే వకీలును కలిసి, ముందస్తు బెయిలు సంగతి తేల్చుకోవాలి.

విచారణకు వెళ్లినప్పుడు వకీలును కలిసే హక్కు ఉంది, మొత్తం సేపూ పక్కన కూర్చోబెట్టుకునే హక్కు లేదు. మిమ్మల్నే నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదని రాజ్యాంగంలోని 20(3) చెబుతుంది. దర్యాప్తులో రాసుకున్న స్టేట్‌మెంట్‌పై సంతకం తీసుకోకూడదు. ఖాళీ కాగితం మీద అసలే పెట్టకండి. ‘ఇక్కడే చెక్కు రాసి సర్దుకో’ అని ఒత్తిడి చేస్తే ఒప్పుకోవద్దు, బాకీ వసూలు స్టేషన్ పని కాదు. రాజీకి ఇష్టమైతే వకీళ్ల ద్వారా లెక్క తేల్చుకుని కాగితం మీద పెట్టుకోవాలి. కేసు కోర్టుకెళ్లాక కూడా, ఫిర్యాదుదారు ఒప్పుకుంటే కోర్టు అనుమతితో రాజీపడగల నేరమే ఇది.