క్రిప్టో కొనబోతే బ్యాంకు కార్డును ఎందుకు ఆపుతుంది?

గుంటూరులో ఉండే ఒక ఉద్యోగి విదేశీ క్రిప్టో ఎక్స్ఛేంజీలో ఖాతా తెరిచి, 10,000 రూపాయల బిట్‌కాయిన్ కొందామని క్రెడిట్ కార్డు నంబరు కొట్టారనుకుందాం. ఖాతాలో పరిమితి ఉంది, కార్డు గడువూ తీరలేదు. అయినా తెరమీద Do not honor అని వచ్చి లావాదేవీ ఆగిపోయింది. కార్డు పాడైందేమోనని ఆయన మరో రెండుసార్లు ప్రయత్నిస్తే, మోసం జరుగుతోందన్న అనుమానంతో బ్యాంకు కార్డునే తాత్కాలికంగా నిలిపేసింది.

ఇక్కడ కాదన్నది ఎక్స్ఛేంజీ కాదు, కార్డు ఇచ్చిన బ్యాంకు. కార్డుతో డబ్బు తీసుకునే ప్రతి వ్యాపారికీ వీసా, మాస్టర్‌కార్డ్ వంటి సంస్థల పద్ధతిలో నాలుగంకెల కోడ్ ఉంటుంది. కిరాణా కొట్టుకు ఒకటి, పెట్రోలు బంకుకు ఇంకొకటి. క్రిప్టో అమ్మేవారికి సాధారణంగా 6051 పడుతుంది. అంటే కొనేది సరుకు కాదు, నగదుతో సమానమైనది అని అర్థం. ఆ కోడ్ కనిపించగానే చాలా బ్యాంకుల కంప్యూటర్లు మనిషి ప్రమేయం లేకుండానే కాదనేస్తాయి.

బ్యాంకు భయాలకు కారణాలున్నాయి. క్రిప్టో ఒకసారి వేరే వాలెట్‌కు వెళ్లిపోతే వెనక్కి రాదు. దొంగిలించిన కార్డుతో కొన్నదైతే ఆ నష్టం చివరికి బ్యాంకు నెత్తిన పడవచ్చు. పైగా విదేశీ ఎక్స్ఛేంజీకి చెల్లిస్తే డబ్బు దేశం దాటుతుంది కాబట్టి విదేశీ మారకద్రవ్య చట్టం అడ్డొస్తుంది.

మరి క్రిప్టో మన దేశంలో నిషిద్ధమా? కాదు. క్రిప్టో వ్యాపారులకు సేవలు ఇవ్వొద్దని 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. పాత ఉత్తర్వును కారణంగా చూపొద్దని 2021 మే 31న రిజర్వ్ బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. అయితే ఖాతాదారు వివరాలు, మనీలాండరింగ్, విదేశీ మారకం నిబంధనలు చూసుకోమనీ అంది. ఆ వెసులుబాటుతోనే ఒక్కో బ్యాంకు ఒక్కో విధంగా నిర్ణయించుకుంటోంది.

అయితే ప్రతిసారీ బ్యాంకు విధానమే కారణం కాకపోవచ్చు. ముందుగా బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులు తెరిచి, ఆన్‌లైన్, అంతర్జాతీయ లావాదేవీల మీటలు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. 2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో ఇవి ఆఫ్‌లోనే వస్తున్నాయి. తర్వాత అదే కార్డుతో దేశంలో ఏదైనా చిన్న ఆన్‌లైన్ చెల్లింపు చేయండి. అది పూర్తయి, మీటలు కూడా ఆన్‌లోనే ఉంటే, బ్యాంకు క్రిప్టో కోడ్‌నే ఆపుతోందని దాదాపు తేలినట్టే. కస్టమర్ కేర్‌ను అడిగితే ఖాయమవుతుంది. ఆపైన అదే కార్డుతో మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి.

నిజానికి ఆ 10,000 కార్డు మీద చెల్లినా లాభసాటి కాదు. విదేశీ మారకపు రుసుము 3.5 శాతం ఉన్న కార్డయితే 350 రూపాయలు, దానిపై జీఎస్టీ 63 రూపాయలు పడతాయి. ఎక్స్ఛేంజీ తీసుకునే కార్డు రుసుము వేరు. బ్యాంకు దీన్ని నగదు తీసుకున్నట్టు లెక్కేస్తే విడిగా రుసుము వేసి, మొదటి రోజు నుంచే వడ్డీ వేస్తుంది. అప్పు మీద కొన్న క్రిప్టో ధర పడిపోయినా అప్పు తగ్గదు.

సరైన మార్గం బ్యాంకు బదిలీ. ఆర్థిక నిఘా విభాగం ఎఫ్‌ఐయూలో నమోదైన భారతీయ ఎక్స్ఛేంజీని ఎంచుకోండి. 2023 మార్చి నుంచి క్రిప్టో సంస్థలు మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. పాన్, ఆధార్‌తో కేవైసీ పూర్తిచేసి, మీ పేరు మీదున్న ఖాతా నుంచే ఐఎంపీఎస్ లేదా నెఫ్ట్ ద్వారా రూపాయలు పంపాలి. భార్య ఖాతా నుంచో, స్నేహితుడి ఖాతా నుంచో పంపితే పేరు కలవక డబ్బు తిరిగొస్తుంది, లేదా ఆగిపోతుంది. ముందు చిన్న మొత్తం పంపి, జమ అయ్యాకే మిగతాది పంపండి. నమోదు ఉన్నంత మాత్రాన డబ్బుకు హామీ లేదని కూడా గుర్తుంచుకోండి. 2024 జులైలో వజీర్‌ఎక్స్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టోను హ్యాకర్లు కాజేశారు.

వాట్సాప్, టెలిగ్రామ్‌లలో పరిచయమైన వ్యక్తి ఖాతాకు యూపీఐ చేసి క్రిప్టో తీసుకునే దారి మాత్రం వద్దు. అది మోసగాళ్ల ఖాతా అయితే మీ ఖాతా కూడా సైబర్ పోలీసుల విచారణలో స్తంభించవచ్చు. అలా మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

కొన్నాక లాభం వస్తే 30 శాతం పన్ను, దానిపై సెస్సు కట్టాలి. అమ్మేటప్పుడు 1 శాతం టీడీఎస్ కోస్తారు. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరో కాయిన్ లాభంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి బదిలీ రసీదులు, ఎక్స్ఛేంజీ లెక్కలు మొదటి కొనుగోలు నుంచే దాచుకోండి. రేపు బ్యాంకు అడిగినా, ఆదాయపు పన్ను శాఖ అడిగినా చూపించాల్సినవి అవే.