వలయాల బయట మిగిలిన అంకె

మూడు రంగుల వలయాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. వాటి పేర్లు H, T, I. మూడూ మూడు దినపత్రికలు. పేర్ల పక్కన వరసగా 25, 26, 26 అని రాసి ఉంది. H, T కలిసిన చోట 11, H, I కలిసిన చోట 9, T, I కలిసిన చోట 8. మూడూ కలిసిన నడిమధ్యన 3. పైన ఒక ముక్క: అడిగింది 60 మందిని.

ఈ అంకెలు పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ గణిత పుస్తకంలో సమితుల అధ్యాయం చదివినవాళ్లకు గుర్తుండే ఉంటాయి. అక్కడ లెక్కను మాటల్లో ఇచ్చారు. దాన్నే ఎవరో బొమ్మగా గీసి, స్క్రీన్‌షాట్ తీసి పంపారనుకుందాం. మాటల్లో ఉన్నప్పుడు రాని చిక్కు బొమ్మలోకి రాగానే వస్తుంది. దాన్ని విప్పడం పెద్ద కష్టం కాదు గానీ, విప్పకుండా లెక్క మొదలుపెడితే తప్పు జవాబు సరైన జవాబులాగే కనిపిస్తుంది.

ముందు ప్రశ్న చూద్దాం. ఈ మూడింటిలో కనీసం ఒక్క పత్రికైనా చదివేవాళ్లు ఎందరు? ప్రకటనల ఏజెన్సీల్లో పనిచేసేవాళ్లకు ఇది రోజువారీ ప్రశ్న. మూడు పత్రికల్లోనూ ప్రకటన వేస్తే అది ఎన్ని జతల కళ్లకు చేరుతుందన్నది కాదు, ఎంతమంది మనుషులకు చేరుతుందన్నది వాళ్లకు కావాలి. ఆ సంఖ్యను వాళ్లు నెట్ రీచ్ అంటారు. ఒకే మనిషి రెండు మూడు పత్రికల లెక్కల్లో పడటాన్ని డూప్లికేషన్ అంటారు.

25, 26, 26 కలిపితే 77. అడిగిందే 60 మందిని కాబట్టి ఇది మనుషుల సంఖ్య కాదని వెంటనే తెలిసిపోతుంది. H, T రెండూ చదివే మనిషి H వలయంలో ఒకసారి, T వలయంలో ఒకసారి లెక్కకు వచ్చాడు. అందుకని జంటల అంకెలు 11, 9, 8 తీసేయాలి. 77లోంచి 28 పోతే 49.

ఇక్కడ ఆగిపోయేవాళ్లు చాలామంది. మూడు పత్రికలూ చదివే మనిషి ఒకడిని పట్టుకుని అతని వెంట నడిస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. మూడు వలయాల్లోనూ ఉన్నాడు కాబట్టి కూడేటప్పుడు అతన్ని మూడుసార్లు లెక్కపెట్టాం. మూడు జంటల్లోనూ ఉన్నాడు కాబట్టి తీసేటప్పుడు మూడుసార్లూ తీసేశాం. అంటే మిగిలిన 49 మందిలో అతను లేనే లేడు. అలాంటివాళ్లు ముగ్గురు. వాళ్లను తిరిగి చేర్చాలి.

```
n(H∪T∪I) = 25 + 26 + 26 − 11 − 9 − 8 + 3 = 52
```

కూడి, తీసి, మళ్లీ కూడే ఈ పద్ధతిని ఇన్‌క్లూజన్-ఎక్స్‌క్లూజన్ సూత్రం అంటారు. రెండు సమితులకు ఇది మన పదో తరగతి పుస్తకంలోనే n(A∪B) = n(A) + n(B) − n(A∩B) అని ఉంటుంది. 1718లో వచ్చిన అబ్రహం డి మొవార్ సంభావ్యత పుస్తకంలో ఈ తరహా లెక్కలు కనిపిస్తాయి. వలయాల బొమ్మలకు పేరు తెచ్చిన జాన్ వెన్ తన వ్యాసం ప్రచురించింది 1880లో. అంటే లెక్క ముందు పుట్టింది, ఆ బొమ్మ చాలా తర్వాత వచ్చింది. పైగా వెన్ వాటిని గీసింది సర్వేలో మనుషులను లెక్కపెట్టడానికి కాదు, తర్కంలో వాక్యాలు ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో చూడటానికి. ఆయన పనిచేసిన కేంబ్రిడ్జిలోని గాన్విల్ అండ్ కీస్ కాలేజీ భోజనశాలలో ఒక రంగుటద్దాల కిటికీ మీద ఇవే మూడు వలయాలు ఉన్నాయి.

ఇప్పుడు చిక్కు దగ్గరికి వద్దాం. H, T కలిసిన చోట 11 అని ఉంది కదా, ఆ పదకొండు మందిలో మూడూ చదివే ఆ ముగ్గురు ఉన్నారా, లేరా?

పుస్తకంలోని లెక్క "H, T రెండూ చదివేవాళ్లు 11" అంటుంది. కాబట్టి ముగ్గురూ అందులో ఉన్నారు. కానీ బొమ్మలో 11 అనే అంకె ఒక చిన్న తొన లోపల కూర్చుని ఉంది. ఆ తొనను నడిమధ్య ముక్క నుంచి విడదీస్తూ ఒక గీత కూడా ఉంది. బొమ్మ చూసేవాడికి అది ఆ తొనకు మాత్రమే చెందిన అంకెలా కనిపిస్తుంది. సర్వే బొమ్మలు గీసేవాళ్లు రెండు రకాలుగానూ గీస్తారు. కొందరు జంట మొత్తాన్ని రాస్తారు, కొందరు ఆ ముక్కలో మిగిలినవాళ్లను మాత్రమే రాస్తారు.

రెండు అర్థాలకూ ముక్కముక్కగా లెక్క వేసి చూద్దాం. 11, 9, 8 జంట మొత్తాలైతే, ఆ రెండు పత్రికలు మాత్రమే చదివేవాళ్లు 8, 6, 5. H ఒక్కటే చదివేవాళ్లు 25లోంచి 8, 6, 3 పోగా 8 మంది. T ఒక్కటే చదివేవాళ్లు 10, I ఒక్కటే చదివేవాళ్లు 12. ఏడు ముక్కలూ కలిపితే 52. సూత్రం ఇచ్చిన జవాబే వచ్చింది. ఏ పత్రికా చదవనివాళ్లు 8.

అలా కాక 11, 9, 8 ఆయా తొనలకు మాత్రమే చెందినవైతే, H ఒక్కటే చదివేవాళ్లు 25లోంచి 11, 9, 3 పోగా ఇద్దరు. T ఒక్కటే 4, I ఒక్కటే 6. ఏడు ముక్కల మొత్తం 43. ఏ పత్రికా చదవనివాళ్లు 17.

ఏ ముక్కలోనూ రుణసంఖ్య రాలేదు, ఏ మొత్తమూ 60 దాటలేదు. రెండు లెక్కలూ నిలబడ్డాయి. బొమ్మ లోపల ఉన్న అంకెలను ఎంతసేపు చూసినా ఏది నిజమో తేలదు. రెండు జవాబుల మధ్య తేడా 9, అంటే నడిమధ్య అంకెకు సరిగ్గా మూడు రెట్లు. ఇది యాదృచ్ఛికం కాదు. అర్థం మారితే మూడు జంటల్లోనూ ఆ ముగ్గురే లోపలికో బయటికో కదులుతారు. అందుకే నడిమధ్య అంకె పెద్దదయ్యేకొద్దీ ఈ పొరపాటు ఖరీదు పెరుగుతుంది.

తేల్చేది వలయాల బయట ఉన్న అంకె. బొమ్మ చుట్టూ ఒక దీర్ఘచతురస్రం గీసి, దాని మూలన ఏ వలయంలోనూ పడనివాళ్ల సంఖ్య రాయడం పద్ధతి. అక్కడ 8 ఉంటే మొదటి అర్థం, 17 ఉంటే రెండోది. స్క్రీన్‌షాట్ తీసేవాళ్లు రంగు వలయాలు నిండుగా కనబడేలా అంచులు కత్తిరించినప్పుడు అన్నిటికన్నా ముందు పోయేది ఆ మూలే. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉండే వివరణ కూడా దాంతోపాటే పోతుంది. "మాత్రమే" అన్న మాట ఉండాల్సింది అక్కడే.

మూల పోయినా కొన్నిసార్లు బొమ్మే సాక్ష్యం చెబుతుంది. నడిమధ్య 3 ఉండి, పక్క తొనలో 2 ఉందనుకోండి. రెండు పత్రికలు చదివేవాళ్లలో మూడూ చదివేవాళ్లు చేరి ఉంటే ఆ అంకె 3 కన్నా తగ్గదు. కాబట్టి తొనలోది ఆ ముక్కకే చెందిన అంకె. ఎదురు దిశలో, ఒక వలయంలోని తొనల అంకెలనూ నడిమధ్య అంకెనూ కలిపితే వలయం మొత్తాన్ని మించిపోతుందనుకోండి. అప్పుడు తొనల్లోవి జంట మొత్తాలే అయి ఉండాలి. ఇక వలయాల పేర్ల పక్కన ఏమీ లేకుండా ఏడు ముక్కల్లో ఏడు అంకెలు ఉన్నాయంటే, అవి ముక్కల అంకెలే అనుకోవడానికి గట్టి ఆధారం. అప్పుడు సూత్రంతో పనే లేదు, ఏడూ కూడితే చాలు. అలాంటి బొమ్మకు సూత్రం తగిలించి, ఒక్కసారే లెక్కలోకి వచ్చినవాళ్లను తీసేయడం పరీక్ష పేపర్లలో తరచూ కనిపించే తప్పు. వలయాల సైజు చూసి అంచనా వేయడమూ అంతే. చాలా బొమ్మల్లో మూడు వలయాలూ ఒకే కొలతలో ఉంటాయి, లోపలి సంఖ్యలు ఎంత తేడాగా ఉన్నా సరే.

బయటి అంకెకున్న బలం ఇంకో పాత లెక్కలో మరీ బాగా తెలుస్తుంది. డిగ్రీ స్టాటిస్టిక్స్ పుస్తకాల్లో తరతరాలుగా వస్తున్న లెక్క అది. మార్కెట్ సర్వే చేసినతను 1000 మందిని అడిగానంటాడు. చాక్లెట్లు ఇష్టమన్నవాళ్లు 811, టాఫీలు ఇష్టమన్నవాళ్లు 752, చప్పరించే గట్టి బిళ్లలు ఇష్టమన్నవాళ్లు 418. చాక్లెట్లూ టాఫీలూ 570, చాక్లెట్లూ బిళ్లలూ 356, టాఫీలూ బిళ్లలూ 348, మూడూ ఇష్టమన్నవాళ్లు 297. ఈ సమాచారం తప్పని నిరూపించమంటారు.

ముక్కలుగా విడగొడితే చాక్లెట్లు మాత్రమే 182, టాఫీలు మాత్రమే 131, బిళ్లలు మాత్రమే 11. రెండేసి మాత్రమే ఇష్టమైనవాళ్లు 273, 59, 51. నడిమధ్య 297. ఏ ముక్కను విడిగా చూసినా అనుమానం రాదు. అన్నీ కూడితే 1004. అడిగిన మనుషులు 1000 మందే కాబట్టి వలయాల బయట మైనస్ నలుగురు ఉండాలి. అలా ఉండటం కుదరదు. తొనల అంకెలను "మాత్రమే" అని చదివినా గట్టెక్కదు, ఎందుకంటే 570, 356 కలిపితేనే చాక్లెట్ల 811 దాటిపోతుంది. ఎక్కడో ఒక అంకె తప్పు రాశారు, లేదా అడక్కుండానే నింపేశారు. ఏ అంకె తప్పో ఈ లెక్క చెప్పదు. తప్పు ఉందని మాత్రం ఖాయంగా చెబుతుంది. సర్వే ఫారాలు చేతికి రాగానే మొత్తాన్ని ఇలా ఒకసారి సరిచూడటానికి రెండు నిమిషాలు చాలు.

శాతాల్లో ఇచ్చిన బొమ్మల్లో బయటివాళ్లు ఇంకోలా మాయమవుతారు. పత్రికల లెక్కలో H చదివేవాళ్లు 60లో 25 అంటే సుమారు 42 శాతం. ఏ పత్రికా చదవని 8 మందిని పక్కనపెట్టి, పత్రిక చదివేవాళ్లనే ప్రాతిపదికగా తీసుకుంటే 52లో 25, సుమారు 48 శాతం. రెండూ నిజమే. కానీ ఒక స్క్రీన్‌షాట్‌లోని 42ను ఇంకో దానిలోని 48తో పోల్చి, పాఠకులు పెరిగారని రాస్తే అది అబద్ధమైపోతుంది. శాతాలను దగ్గరి పూర్ణసంఖ్యకు సవరిస్తారు కాబట్టి ముక్కల మొత్తం 99 అనో 101 అనో రావడం మామూలే. అంతకు మించి తేడా ఉంటే ప్రాతిపదిక ఏమిటో వెతకాలి.

కలిసిన చోట్ల అంకెలు అసలే లేకుండా, వలయాల మొత్తాలు మాత్రమే ఉంటే? అప్పుడు కచ్చితమైన జవాబు రాదు, హద్దులు మాత్రం వస్తాయి. ఆలిస్ కథలు రాసిన లూయిస్ కారల్ ఆక్స్‌ఫర్డ్‌లో గణితం బోధించేవాడు. 1885లో పుస్తకంగా వచ్చిన "ఎ టాంగిల్డ్ టేల్"లో ఆయన ఇలాంటి లెక్క ఒకటి పెట్టాడు. యుద్ధంలో గాయపడిన సైనికుల్లో 70 శాతం మంది ఒక కన్ను, 75 శాతం ఒక చెవి, 80 శాతం ఒక చెయ్యి, 85 శాతం ఒక కాలు పోగొట్టుకున్నారు. నాలుగూ పోయినవాళ్లు కనీసం ఎంతమంది?

ఇక్కడ కూడా వలయాల బయటి నుంచే మొదలుపెట్టాలి. కన్ను పోనివాళ్లు 30 శాతం, చెవి పోనివాళ్లు 25, చెయ్యి పోనివాళ్లు 20, కాలు పోనివాళ్లు 15. వీళ్లంతా వేర్వేరు మనుషులే అనుకున్నా మొత్తం 90 శాతానికి మించరు. మిగిలిన 10 శాతానికి నాలుగూ పోయి ఉండాలి. ఎక్కువలో ఎక్కువ ఎంతంటే 70 శాతం, అన్నిటికన్నా చిన్న వలయం దాటడం కుదరదు గనుక. పత్రికల బొమ్మలో T, I మొత్తాలు 26, 26 మాత్రమే తెలిస్తే ఈ పద్ధతి కింది హద్దుగా సున్నానే ఇస్తుంది. రెండూ కలిపినా 52 అయి 60 లోపలే ఉండటంతో, రెండూ చదివేవాళ్లు ఒక్కరూ లేకపోయే వీలుంది. పై హద్దు 26. ఆ రెంటి మధ్య నిజం ఎక్కడుందో తెలియాలంటే సర్వే చేసినవాళ్లను మళ్లీ అడగాల్సిందే.