వరుసలో ఐదో వాడెవడు?

మధ్యాహ్న భోజనానికి పదిమంది పిల్లలు కంచాలు పట్టుకుని నిలబడ్డారనుకోండి. ‘ఐదో వాడిని చూపించు’ అని ఒకటో తరగతి పిల్లను అడిగితే, చాలాసార్లు ముందున్న ఐదుగురినీ కలిపి చూపిస్తుంది. తప్పు లెక్కలో లేదు. ‘ఐదు’ అంటే ఎంతమందో, ‘ఐదో’ అంటే ఏ ఒక్కరో ఆమెకింకా విడిపడలేదు. అందుకే ఐదో వాడి చేతికి ఒక గరిటె ఇచ్చి, అతనొక్కడే పైకెత్తాలని చెప్పండి.

తర్వాత అందరినీ వెనక్కి తిరగమనండి. ఎవరూ కదల్లేదు, కానీ మూడో పిల్ల ఎనిమిదోది అయిపోయింది! ఆమె వెనకున్న ఏడుగురూ ఇప్పుడు ముందున్నారు మరి. ఎటు నుంచి లెక్కపెడుతున్నామో చెప్పకపోతే స్థానానికి అర్థం లేదని పిల్లలు అక్కడే పట్టేస్తారు.

మాటల్లో చిక్కు ఒక్కటే. రెండో, మూడో, పదో అన్నీ అంకె పేరు నుంచే వస్తాయి. ‘మొదటి’ మాత్రం రాదు. తేదీకీ తరగతికీ ‘ఒకటో’ అంటాం కదా, వరుసలో నిలబడ్డవాణ్ణి ‘మొదటివాడు’ అంటాం.

జతపరిచే కాగితంలో ఎడమవైపు పదిమంది వరుస బొమ్మ, కుడివైపు ‘మొదటి’ నుంచి ‘పదో’ వరకు మాటలు కలగాపులగంగా రాయండి. మాటల్ని క్రమంలో రాస్తే పిల్లలు చదవకుండానే గీతలు గీసేస్తారు. వరుస ఎటు మొదలవుతుందో బాణం గుర్తు పెట్టడం మరవకండి.